ఏ వీడియో చూసి చీర కొన్నారు?

చీరల వీడియోలు పెట్టే చిన్న దుకాణాల్లో నెలాఖరుకి ఒక ప్రశ్న వస్తుంది. పది వీడియోలు పెట్టాం, వంద చీరల దాకా అమ్ముడయ్యాయి, ఇందులో ఏ వీడియో వాటా ఎంత? చాలామంది వ్యూస్ చూసి తేల్చేస్తారు. రెండు లక్షల వ్యూస్ వచ్చిన షార్ట్ అదరగొట్టిందని, నాలుగు వేలు దాటని వీడియో దండగని అనేసుకుంటారు. అమ్మకాల వైపు నుంచి చూస్తే ఈ తీర్పు తరచుగా తలకిందులవుతుంది. అలా చూడాలంటే రెండు కావాలి. ఏ వీడియో నుంచి వచ్చారో గుర్తుపట్టే లింకు ఒకటి, వచ్చినవాళ్లలో ఎంతమంది కొన్నారో చెప్పే కన్వర్షన్ రేటు ఒకటి. రెండూ తేలికైనవే. జాగ్రత్త లేకపోతే రెండూ నమ్మకంగా తప్పు చెబుతాయి.

ఉదాహరణకి మంగళగిరి కాటన్ చీరలు అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. యూట్యూబ్ ఛానెల్ ఉంది, నాలుగు పేజీల వెబ్‌సైటు ఉంది. చీరలు ఎక్కడ చూసినా ఆర్డర్ మాత్రం చివరికి వాట్సాప్‌లోనే పడుతుంది. కింద దుకాణం పేరిట వచ్చే అంకెలన్నీ లెక్క చూపించడానికి వేసుకున్నవి.

లింకు తయారీ

వెబ్‌సైటు చిరునామా చివర కొన్ని ట్యాగులు తగిలిస్తే, ఆ లింకు నొక్కి వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో గూగుల్ అనలిటిక్స్ రాసుకుంటుంది. వీటిని యూటీఎం ట్యాగులు అంటారు. 2005లో గూగుల్ కొనుక్కున్న అర్చిన్ అనే కంపెనీ నుంచి వచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ అదే నడుస్తోంది.

```
https://example.com/cotton?utm_source=youtube&utm_medium=video&utm_campaign=2025-06&utm_content=v07-desc
```

మన పనికి ఇందులో ముఖ్యమైనది చివరి ముక్క. `v07` అంటే ఏడో వీడియో, `desc` అంటే డిస్క్రిప్షన్‌లో పెట్టిన లింకు. అదే వీడియో కింద పిన్ చేసిన కామెంట్‌లో పెట్టేదానికి `v07-pin` అని రాసుకుంటారు. అనలిటిక్స్ పెద్దక్షరాలని, చిన్నక్షరాలని వేరువేరుగా చూస్తుంది. ఒకరోజు `YouTube` అని, మర్నాడు `youtube` అని రాస్తే రిపోర్టులో రెండు వరుసలు తయారవుతాయి, మొత్తం చీలిపోతుంది. అందుకని లింకులన్నీ ఒకే షీట్‌లో తయారు చేసుకుని అక్కడి నుంచే కాపీ చేయాలి. ఎవరికి తోచినట్టు వాళ్లు టైప్ చేయకూడదు. సొంత సైటులోని బ్యానర్లకి మాత్రం ఈ ట్యాగులు తగిలించకూడదు. వీడియో తెచ్చిన మనిషి ఆ బ్యానర్ నొక్కితే, ఆర్డర్ క్రెడిట్ బ్యానర్ ఖాతాలో పడే ప్రమాదం ఉంది.

అయితే ఈ ట్యాగులు వెబ్‌సైటు వరకే పనిచేస్తాయి. వాట్సాప్ లింకుకి యూటీఎం తగిలించడం చాలాచోట్ల కనిపిస్తుంది గానీ, అక్కడ దాన్ని చదివి రాసుకునే అనలిటిక్స్ లేదు కాబట్టి ఆ శ్రమ వృథా. వాట్సాప్‌కి ముందే నింపిన మెసేజ్ పనికొస్తుంది.

```
https://wa.me/91XXXXXXXXXX?text=Namaste%2C%20V07%20cheerala%20gurinchi
```

నొక్కగానే చాట్ తెరుచుకుంటుంది. టైప్ చేసే చోట "Namaste, V07 cheerala gurinchi" అని సిద్ధంగా ఉంటుంది, పంపడమే తరువాయి. దుకాణం ఫోన్‌లో మొదటి మెసేజ్‌లోనే కోడ్ కనబడుతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్ అయితే ఆ చాట్‌కి అప్పుడే ఒక లేబుల్ పెట్టేసుకోవచ్చు.

ఈ పొడుగాటి లింకుని నేరుగా డిస్క్రిప్షన్‌లో పెట్టే బదులు, సొంత సైటులో `example.com/v07` అని ప్రతి వీడియోకి ఒక చిన్న పేజీ పెట్టుకుంటే మేలు. ఆ వీడియోలో చూపించిన చీరల ఫొటోలు, ధరలు, కింద ఆ వీడియో కోడ్‌తో ఉన్న వాట్సాప్ బటన్ ఉంటే చాలు. చిరునామా పొట్టిగా ఉంటుంది కాబట్టి వీడియోలో నోటితో చెప్పొచ్చు. చీర అమ్ముడైపోతే వీడియో జోలికి పోకుండా పేజీ ఒక్కటే మార్చుకోవచ్చు. పేజీకి ఎంతమంది వచ్చారు, వారిలో ఎంతమంది చాట్‌లోకి దిగారు అనేది కూడా విడివిడిగా తెలుస్తుంది.

ఇంతా చేసి లింకు నొక్కే వీలు లేనిచోట పెడితే లాభం లేదు. యూట్యూబ్ షార్ట్స్‌లో డిస్క్రిప్షన్, కామెంట్లలోని లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కడానికి పనికిరావు. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో లింకు రాసినా అది ఉత్త అక్షరాలే. ఇక సాయంత్రం టీవీలో యూట్యూబ్ పెట్టుకుని కుటుంబమంతా చూస్తుంటే, రిమోట్‌తో డిస్క్రిప్షన్‌లోకి వెళ్లి ఆర్డర్ పెట్టేవాళ్లు ఎవరుంటారు? వీళ్లంతా తర్వాత ఫోన్ తీసి దుకాణం పేరు వెతుక్కుని వస్తారు. వీడియోనే తెచ్చినా లెక్కలో కోడ్ లేకుండా కనిపిస్తారు. ఈ సంగతి ముందు ముందు చాలా ముఖ్యమవుతుంది.

స్క్రీన్‌షాట్

చీరల వ్యాపారానికి ఒక సొంత అలవాటు ఉంది. చూసేవాళ్లు వీడియో ఆపి, నచ్చిన చీర దగ్గర స్క్రీన్‌షాట్ తీసి, "ఇది ఉందాండీ? ఎంత?" అని వాట్సాప్ చేస్తారు. లింకు నొక్కరు, స్క్రీన్ మీద కనబడే నంబర్ సేవ్ చేసుకుంటారు. యాంకర్లు కూడా "స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి" అనే చెబుతారు. లింకుల మీద మాత్రమే ఆధారపడే లెక్కలో వీళ్లు ఒక్కరూ రారు.

దీనికి మందు తేలికే. చీర పక్కన నంబర్ కార్డు ఎలాగూ పెడతారు. దాని మీద ఉత్త "12" అని రాయకుండా "V07-12" అని రాస్తే చాలు. స్క్రీన్‌షాట్ ఎక్కడ కత్తిరించినా చీరతోపాటు కోడ్ కూడా వస్తుంది. కార్డు చీర మడత మీదే ఉండాలి. ఫ్రేమ్ మూలన చిన్నక్షరాలతో ఉంటే, ఫోన్‌లో క్రాప్ చేసేటప్పుడు మొదట పోయేది అదే. టీవీ తెరకి ఫోన్ పట్టుకుని ఫొటో తీసిన వాళ్ల విషయంలోనూ ఇది పనిచేస్తుంది. ఈ వ్యాపారంలో ఒక్క లింకుని బాగుచేయడం కంటే ఈ కార్డు వల్లే ఎక్కువ ఆర్డర్లు లెక్కలోకి రావచ్చు. షార్ట్స్‌కి కూడా అంతే, నొక్కే లింకు లేకపోయినా కార్డు ఉంటుంది.

ఇక రిజిస్టర్. నోటు పుస్తకమైనా, షీట్ అయినా, ప్రతి ఆర్డర్ పక్కన రెండు గళ్లు అదనంగా ఉండాలి, మొదటి కోడ్ అని, చివరి కోడ్ అని. రెండెందుకంటే వాట్సాప్ చాట్‌లో పాత సంగతులు అలాగే ఉంటాయి. ఇవాళ V05 స్క్రీన్‌షాట్ పంపిన ఆవిడ చాట్ పైకి జరిపి చూస్తే, మూడు వారాల కింద "Namaste, V07 cheerala gurinchi" అని ఆవిడే పంపి, ధర కనుక్కుని ఊరుకుని ఉండొచ్చు. ఇంత స్పష్టంగా వెబ్‌సైటు అనలిటిక్స్ చెప్పలేదు. యూట్యూబ్ యాప్‌లో లింకు తెరిచిన మనిషి వారం తర్వాత క్రోమ్‌లో పేరు టైప్ చేసి వస్తే, రెండూ ఒకరేనని దానికి తెలియకపోవచ్చు. ఐఫోన్‌లోని సఫారీ అయితే, వచ్చిన మనిషిని మళ్లీ గుర్తుపట్టడానికి స్క్రిప్టు పెట్టిన కుకీని 7 రోజులకి మించి ఉంచదు. అమెరికాలోని తెలుగువాళ్లకి అమ్మే దుకాణాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఒక నెల లెక్క

మూడు వీడియోలు తీసుకుందాం. V05 రూ.1,500 లోపు చీరల కలెక్షన్. V07 చేనేత చీరకి, మరమగ్గం చీరకి తేడా ఎలా గుర్తుపట్టాలో చూపించే వీడియో. S11 ఒక షార్ట్, చీర మడత విప్పి కొంగు చూపిస్తారు, అంతే. దాని క్లిక్కులు ఛానెల్ ప్రొఫైల్‌లోని లింకు నుంచి వచ్చినవి. ఆ నెల ఆ లింకుని ఆ షార్ట్ పేజీకే తిప్పి పెట్టారనుకుందాం.

| వీడియో | వ్యూస్ | క్లిక్కులు | కోడ్‌తో మెసేజ్‌లు | ఆర్డర్లు |
|---|---|---|---|---|
| V05 | 18,000 | 540 | 162 | 27 |
| V07 | 4,200 | 210 | 84 | 21 |
| S11 | 2,10,000 | 260 | 52 | 4 |

ఇప్పుడు కన్వర్షన్ రేటు ఎంత? దేన్ని దేనితో భాగించారో చెప్పకపోతే ఈ ప్రశ్నకి జవాబు లేదు. క్లిక్కుల మీద ఆర్డర్లు చూస్తే V05కి 5 శాతం, V07కి 10 శాతం. మెసేజ్‌ల మీద చూస్తే V05కి దాదాపు 17, V07కి 25. వెయ్యి వ్యూస్‌కి చూస్తే V05 ఒకటిన్నర ఆర్డర్, V07 ఐదు ఆర్డర్లు తెచ్చాయి, షార్ట్ లెక్కలోకే రాదు. ఏ రేటు చూసినా V07 ముందుంది. వ్యూస్ చూసి దండగ అనుకునేది కూడా దీన్నే. కారణం ఊహించడం కష్టం కాదు. చేనేతా కాదా అని పరీక్షించడం నేర్చుకోవడానికి పది నిమిషాలు కూర్చున్న మనిషి కొనే ఆలోచనలో ఉన్న మనిషే.

కానీ 21 ఆర్డర్లు అంటే చిన్న సంఖ్య. ఎంతవరకు నమ్మొచ్చో చూడటానికి మోటుగా ఒక లెక్క ఉంది. ఆర్డర్ల సంఖ్యకి వర్గమూలం తీసి, రెట్టింపు చేసి, అటూ ఇటూ వేసుకోవాలి. 21కి వర్గమూలం సుమారు 4.6, రెట్టింపు 9. అంటే అదృష్టం కాస్త అటూ ఇటూ అయితే ఆ వీడియోకి 12 నుంచి 30 దాకా ఎన్ని ఆర్డర్లైనా వచ్చి ఉండేవి. క్లిక్కుల మీద అది సుమారు 6 నుంచి 14 శాతం. V05కి ఇదే లెక్క వేస్తే 17 నుంచి 37 ఆర్డర్లు, అంటే 3 నుంచి 7 శాతం. రెండు అంచులూ కొద్దిగా కలుస్తున్నాయి. కాబట్టి V07 మెరుగనే వైపు మొగ్గొచ్చు. సరిగ్గా రెండింతలు మెరుగని మాత్రం చెప్పలేం. షార్ట్ సంగతైతే 4 ఆర్డర్లకి వర్గమూలం 2, రెట్టింపు 4, అంటే సున్నా నుంచి 8. దీన్నిబట్టి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

రేటు తగ్గితే వెంటనే వీడియోని తప్పుపట్టడం ఇంకో అలవాటు. మెసేజ్ నుంచి ఆర్డర్ దాకా నడిపేది వీడియో కాదు, జవాబిచ్చే మనిషి. రాత్రి ఎనిమిదికి వీడియో పెడితే తొమ్మిది నుంచి పదకొండు మధ్య మెసేజ్‌లు వచ్చి పడతాయి. దుకాణం మర్నాడు పదింటికి తెరిచి జవాబిస్తే, అప్పటికి సగంమంది వేడి చల్లారిపోతుంది, కొందరు ఇంకో చోట కొనేసి ఉంటారు. ఒకే వీడియో మెసేజ్‌లని రెండు గుంపులు చేసి, గంటలోపు జవాబు వెళ్లినవాటిలో ఎన్ని ఆర్డర్లయ్యాయి, పొద్దున్నే జవాబు వెళ్లినవాటిలో ఎన్నయ్యాయి అని చూస్తే సంగతి బయటపడుతుంది. తేడా పెద్దగా ఉంటే మార్చాల్సింది థంబ్‌నెయిల్ కాదు, వీడియో పెట్టే వేళ.

సింగిల్ పీసుల గొడవ కూడా ఇలాంటిదే. V05లో చూపించిన లేత ఆకుపచ్చ చీర ఒకటే ఉంది, మొదటి గంటలోనే వెళ్లిపోయింది. తర్వాత అదే చీర కోసం నలభై మంది అడిగారు, నలభై మందికీ "అయిపోయిందండీ" అనే జవాబు. రిజిస్టర్‌లో ఇవి కొనని మెసేజ్‌లుగా కలిసిపోతే V05 రేటు అన్యాయంగా పడిపోతుంది. "స్టాక్ లేదు" అని విడిగా రాసుకుంటే, 162 మెసేజ్‌లలో ఆ 40 తీసేశాక 122లో 27, అంటే 22 శాతం. V07కి ఉన్న 25కి దగ్గరగా వచ్చేసింది. ఆ నలభై మంది మళ్లీ ఏం నేయించాలో కూడా చెబుతున్నారు, అది వేరే సంగతి.

డబ్బు లెక్క

ఆర్డర్ల సంఖ్య దగ్గర ఆగిపోతే సగం లెక్కే. V05 చీరల మీద ప్యాకింగ్, కొరియర్ పోను రూ.350 మిగులుతుందనుకుందాం. V07 చూసి వచ్చినవాళ్లు ఖరీదైనవి కొంటున్నారు, వాటి మీద రూ.600. 27లో నాలుగు క్యాష్ ఆన్ డెలివరీ పార్శిళ్లు తీసుకోకుండా తిరిగొచ్చాయి, 21లో ఒకటి తిరిగొచ్చింది. తిరిగొచ్చిన ప్రతిదానికి రెండువైపులా కొరియర్ కలిపి రూ.140 నష్టం. V05కి 23 చీరల మీద రూ.8,050 వచ్చి రూ.560 పోయింది, మిగిలింది రూ.7,490. V07కి 20 చీరల మీద రూ.12,000 వచ్చి రూ.140 పోయింది, మిగిలింది రూ.11,860.

V07 తీయడానికి మగ్గం దగ్గరికి వెళ్లి రెండు రోజులు షూట్ చేశారు, ఎడిటింగ్‌తో కలిపి రూ.6,000 అయింది. V05 దుకాణంలోనే ఒక పూటలో తీసేశారు, రూ.2,500. అవి కూడా తీసేస్తే V05కి రూ.4,990, V07కి రూ.5,860. రేటులో రెండింతలుగా కనిపించిన తేడా నెల చివరికి తొమ్మిది వందల రూపాయలకి దిగింది.

లెక్క ఇక్కడితో ఆపేస్తే కలెక్షన్ వీడియోలే నయం అనిపించొచ్చు, అవి వారానికి రెండు తీయొచ్చు కదా. కానీ కలెక్షన్ వీడియోలోని చీరలు అయిపోగానే దాని ఆయుష్షు తీరిపోతుంది. తేడా చెప్పే వీడియోని జనం నెలల తర్వాత కూడా వెతుక్కుని చూస్తారు. తర్వాతి రెండు నెలల్లో V05 ఇంకో 3 ఆర్డర్లు, V07 ఇంకో 19 తెచ్చాయనుకుంటే, రెండోదానికి అదనంగా రూ.11,400 చేరింది, పైసా ఖర్చు లేకుండా. అందుకే ఏ వీడియోనైనా 30 రోజులకి ఒకసారి, 90 రోజులకి ఒకసారి చూడాలి. రెండు వీడియోలని పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే వయసు ఉండాలి. నిన్న పెట్టినదాన్ని జనవరిలో పెట్టినదానితో పోల్చడం అర్థంలేని పని.

రిజిస్టర్‌లోని మొదటి కోడ్ గడి ఇక్కడే అక్కరకొస్తుంది. V05 పేరుతో వచ్చిన 27 ఆర్డర్లలో 8 మంది చాట్‌లు అంతకుముందే V07తో మొదలయ్యాయని తేలిందనుకోండి. వాళ్లని తెచ్చింది ఒక వీడియో, కొనిపించింది ఇంకోటి. ఆ ఎనిమిదినీ సగం సగం పంచాలా, పూర్తిగా ఒకరికే ఇవ్వాలా అని బుర్ర బద్దలు కొట్టుకోవడం చిన్న దుకాణానికి అనవసరం. రెండు గళ్లనీ విడివిడిగా కూడి పక్కపక్కన పెట్టుకుంటే చాలు. మొదటి గడిలో ఎక్కువగా కనిపించే వీడియోలు కొత్తవాళ్లని తెస్తున్నాయి, చివరి గడిలో కనిపించేవి వచ్చినవాళ్లతో కొనిపిస్తున్నాయి. మొదటి రకాన్ని ఆపేస్తే రెండో రకం అమ్మకాలు కొన్ని వారాల తర్వాత తగ్గుతాయి. అప్పుడు కారణం ఎవరికీ తట్టదు.

కోడ్ లేని ఆర్డర్లు

ఆ నెల దుకాణానికి మొత్తం 96 ఆర్డర్లు వచ్చాయనుకుందాం. కోడ్ ఉన్నవి 52. మిగిలిన 44 ఎక్కడివి?

అడగడమే మంచిది. డబ్బు అందిందని మెసేజ్ పెట్టేటప్పుడు "మా గురించి ఎక్కడ చూశారండీ?" అని ఒక్క ముక్క చేరిస్తే చాలామంది చెబుతారు. "యూట్యూబా, ఇన్‌స్టానా" అని ముందే అందిస్తే ఏదో ఒకటి అనేస్తారు, అందుకని ఖాళీగానే అడగాలి. 44 మందిలో 30 మంది జవాబిచ్చారు. 12 మంది యూట్యూబ్, 9 మంది పాత కస్టమర్లు, 6 మందికి చుట్టాలు చెప్పారు, 3 మంది ఇన్‌స్టా. ఇదే నిష్పత్తిలో మిగతావాళ్లు కూడా ఉంటారనుకుంటే, కోడ్ లేని 44లో 17, 18 ఆర్డర్లు యూట్యూబ్ తెచ్చినవే.

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. ఆ 18నీ కోడ్ ఉన్న ఆర్డర్ల నిష్పత్తిలో పంచేస్తారు, V05కి తొమ్మిది, V07కి ఏడు, షార్ట్‌కి ఒకటో అరో అని. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ కోడ్ ఎందుకు లేదో ఆలోచిస్తే అది తప్పని తెలుస్తుంది. నొక్కే లింకు ఉన్న వీడియోల ఆర్డర్లు కోడ్‌తో వస్తాయి. నొక్కడానికి లింకు లేని షార్ట్స్ ఆర్డర్లే ఎక్కువగా కోడ్ లేకుండా వస్తాయి. ఆ 18లో షార్ట్స్ వాటా పెద్దదయ్యే అవకాశమే ఎక్కువ. ఉన్న నిష్పత్తిలో పంచితే అసలే తక్కువగా కనిపిస్తున్నదాన్ని ఇంకా తక్కువ చేసినట్టవుతుంది. అందుకే రిజిస్టర్‌లో "యూట్యూబ్, ఏ వీడియోనో తెలియదు" అని విడిగా ఒక వరుస ఉంచడమే నిజాయితీ.

షార్ట్స్ సంగతి నిజంగా తేలాలంటే లింకులు చాలవు, ఆపి చూడాలి. రెండు వారాలు షార్ట్స్ పెట్టి, రెండు వారాలు పూర్తిగా మానేసి, కోడ్ లేకుండా వచ్చిన కొత్త కస్టమర్లని మాత్రమే లెక్కపెట్టాలి. యూట్యూబ్ స్టూడియోలో దుకాణం పేరు టైప్ చేసి వెతికినవాళ్ల సంఖ్య, గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో అదే పేరుకి వచ్చిన వెతుకులాటలు కూడా పక్కన పెట్టుకుంటే మంచిది. పెట్టిన వారాల్లో 31, మానేసిన వారాల్లో 19 వచ్చారనుకోండి. తేడా 12. మళ్లీ ఆ మోటు లెక్కే వేయాలి. రెండూ కలిపి 50, వర్గమూలం సుమారు 7, రెట్టింపు 14. తేడా దానికంటే తక్కువ కాబట్టి ఇంకా తేలలేదు, ఇంకోసారి చేయాలి. రెండోసారీ ఇలాగే వస్తే రెండు విడతలు కలిపి 62కి 38, తేడా 24, హద్దు 20. అప్పుడు నమ్మొచ్చు.

ఈ పరీక్షకి రోజులు చూసి పెట్టుకోవాలి. చీరల వ్యాపారంలో ఆషాఢం డిస్కౌంట్లది, శ్రావణం వరలక్ష్మీ వ్రతానిది, ఆపైన దసరా, పెళ్లి ముహూర్తాలు. ఆషాఢంలో షార్ట్స్ మానేసి శ్రావణంలో పెడితే, పెరిగిన అమ్మకాల్లో వ్రతం ఎంత, వీడియో ఎంత అని ఎవరూ విడదీయలేరు.

లెక్క ఎక్కువ చూపించే దారులూ లేకపోలేదు. పాత కస్టమర్‌కి దుకాణం నంబర్ ఫోన్‌లో దొరక్క, తాజా వీడియో తెరిచి అక్కడి లింకు నొక్కి వస్తుంది. ఆవిడ ఎలాగూ కొనేదే, కోడ్ మాత్రం వీడియోకి పడింది. ఫోన్ నంబర్‌తో రిజిస్టర్ వెతికి, ముందు కొన్నవాళ్లని విడిగా రాసుకుంటే ఈ దోషం పోతుంది. వీడియోల మంచిచెడ్డలు పోల్చేటప్పుడు కొత్త కస్టమర్ల ఆర్డర్లే చూడాలి. కోడ్ ఉన్న 52లో పాతవాళ్లు 15 మంది ఉన్నారని తేలితే, వాళ్లు ఏ వీడియో కింద ఎక్కువున్నారో చూడటం తప్పనిసరి. సాధారణంగా కలెక్షన్ వీడియోల కిందే ఉంటారు. కొత్త సరుకు ఏం వచ్చిందోనని చూసేది వాళ్లే మరి.

నెలకి పది వీడియోలు పెట్టే దుకాణంలో ఒక్కో వీడియోకి ఐదారు ఆర్డర్లే రావడం మామూలు. అలాంటప్పుడు వీడియోకొక రేటు లెక్కగట్టి ర్యాంకులు వేస్తే ప్రతి నెలా ర్యాంకులు తారుమారవుతూనే ఉంటాయి. కోడ్‌లు వీడియోవారీగానే ఉంచుకుని, లెక్క మాత్రం రకాలవారీగా కూడుకోవాలి. కలెక్షన్లన్నీ ఒక గుంపు, తేడాలు చెప్పేవి ఒక గుంపు, కట్టుకుని చూపించేవి ఒక గుంపు, షార్ట్స్ ఒక గుంపు. మూడు నెలలకి ఒక్కో గుంపులో నలభై, యాభై ఆర్డర్లు చేరతాయి. అప్పుడు మగ్గం దగ్గరికి ఇంకోసారి కెమెరా తీసుకెళ్లడానికి రూ.6,000 పెట్టాలా వద్దా అన్నది ఆ గుంపు అంకె చూసి నిర్ణయించుకోవచ్చు.